డ్రెస్ మార్చండి, పొట్ట జోలికి వెళ్లకండి

నేను ఆన్‌లైన్ బట్టల కొట్లకి ఫోటోలు సరిచేసి ఇచ్చే పని చేస్తాను. ముడతలు తీయడం, రంగు అసలు గుడ్డకి దగ్గరగా తేవడం, వెనకాల గోడ మీద పడ్డ నీడ చెరపడం, ఇలాంటివి. కొంతకాలంగా 'మీ ఫోటో మీదే వేసి చూసుకోండి' అనే ప్రివ్యూలు కూడా ఈ పనిలో భాగమయ్యాయి. మామూలు చొక్కాలకీ జాకెట్లకీ అవి బాగానే పనికొస్తున్నాయి. కడుపుతో ఉన్న మనిషి ఫోటో ఇచ్చినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. డ్రెస్ మార్చమంటే డ్రెస్‌తో పాటు పొట్టని కూడా కాస్త లోపలికి నొక్కేస్తాయి.

చూసినవాళ్లు "అబ్బ, ఎంత బాగుందో" అంటారు. బాగుండక ఏం చేస్తుంది? ఏడో నెల మనిషిని ఐదో నెలకి తీసుకెళ్లి నిలబెట్టింది కదా. నా దృష్టిలో మాత్రం ఆ బొమ్మ పనికిరానిది. మెటర్నిటీ డ్రెస్ వెతుక్కోవడానికి కారణమే ఆ పొట్ట. దాన్ని తగ్గించి చూపించాక ఆ డ్రెస్ తనకి ఎలా ఉంటుందో ఆమెకి తెలిసే దారి లేదు. ఇది అందానికి సంబంధించిన గొడవ కాదు, కొలతకి సంబంధించినది. పొట్ట పెంచి చూపించినా నా అభ్యంతరం అంతే ఉంటుంది. ఆ తప్పూ జరుగుతుంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఇది ఎందుకు జరుగుతుందో చూద్దాం. ఎవరో కావాలని పొట్ట తగ్గించే మీట పెట్టారని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అలాంటిదేమీ ఉండదు. పని జరిగే పద్ధతిలోనే ఆ లోపం ఉంది. కొత్త డ్రెస్ వేయాలంటే పాత డ్రెస్ ఆనవాళ్లు పోవాలి. అందుకని మెడ నుంచి తొడల దాకా ఉన్న భాగాన్ని సాఫ్ట్‌వేర్ మూసేస్తుంది. దాన్నే మాస్క్ అంటారు. పాత బట్ట అంచులు మిగిలిపోకుండా మాస్క్‌ని ఒంటి అంచు దాటి ఇంకొంచెం బయటికి కూడా లాగుతుంది. దాంతో డ్రెస్‌తో పాటు దాని కింద ఉన్న పొట్ట ఆకారం కూడా చెరిగిపోతుంది. ఇక మనిషి ఎలా నిలబడిందో తెలియడానికి మిగిలేవి కొన్ని చుక్కలు: మెడ, భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంటి, మోకాళ్లు, చీలమండలు. ఈ జాబితా మళ్లీ ఒకసారి చదవండి. పొట్టకి చుక్క లేదు. కీళ్లని గుర్తించడానికి తయారైన పద్ధతి అది, పొట్టలో కీలు ఉండదు. భుజాలకీ తుంటికీ మధ్య ఏముందో సాఫ్ట్‌వేర్ తను అంతకుముందు చూసిన ఫోటోల నుంచి ఊహించుకోవాల్సిందే.

మరి అది చూసిన ఫోటోలేమిటి? ఈ రంగంలో పేరున్న తొలి పరిశోధనల్లో 2018 నాటి వైటన్ ఒకటి. అందులో ఒంటి ఆకారాన్ని పూర్తిగా వదిలేయలేదు, కానీ 16 గడుల ఎత్తు, 12 గడుల వెడల్పు ఉండే మసక బొమ్మగా కుదించి వాడారు. పాత బట్ట గీతలు కొత్త బట్టకి అడ్డు రాకూడదని అలా చేశారు. తల నుంచి తొడల దాకా ఉన్న ఫోటో అయితే ఒక గడి అంటే ఒంటి మీద ఐదారు సెంటీమీటర్లు. పొట్ట ముందుకొచ్చిన నాలుగు సెంటీమీటర్లు అందులో ఎక్కడ కనిపిస్తాయి? తర్వాత 2021లో వచ్చిన వైటన్-హెచ్‌డీలో బొమ్మల నాణ్యత చాలా పెరిగింది. కానీ దాని కోసం సమకూర్చిన 13,679 జతల ఫోటోల్లో ఉన్నవి ఎదురుగా నిలబడిన ఆడవాళ్లు, నడుం పైన వేసుకునే బట్టలు. బట్టల కొట్ల ఫోటోలు ఎలా ఉంటాయో మనకి తెలిసిందే, సన్నటి మోడళ్లు, చదునైన పొట్టలు. పక్కకి తిరిగి నిలబడిన ఏడో నెల మనిషిని వాటి నుంచి నేర్చుకోమంటే ఏం నేర్చుకుంటుంది? ఇప్పటి పద్ధతులు వీటికంటే చాలా ముందుకెళ్లాయి, ఒప్పుకుంటాను. అయినా చెరిపేసి ఊహతో నింపడం అనే మూలసూత్రం చాలా వాటిలో అలాగే ఉంది.

ఇక మా చెల్లెలి ఫోటో సంగతికి వస్తాను. తనకి అప్పుడు 29వ వారం. ఆఫీసు కార్యక్రమం కోసం ముదురాకుపచ్చ గౌను ఒకటి చూసింది. ఛాతీ కింద అడ్డంగా కుట్టు ఉండి, అక్కడి నుంచి కుచ్చులు జారే ఎంపైర్ కట్. ఆ కొట్టు వాళ్ల ప్రివ్యూలో తన ఫోటో పెట్టి, వచ్చిన బొమ్మ నాకు పంపింది. "అక్కా, బాగానే ఉంది కానీ ఇది నేనేనా?" అని అడిగింది. మొహం తనదే, చేతులు తనవే, చెప్పులు కూడా తనవే. అనుమానం ఎక్కడ వచ్చిందో తనకి తెలియలేదు.

ఇలాంటప్పుడు కళ్లని నమ్మడం దండగ, కొలవాలి. తను పక్కకి తిరిగి నిలబడిన ఫోటో అది. ఫోటోలు సరిచేసే చాలా ప్రోగ్రాంలలో పిక్సెళ్లు లెక్కపెట్టొచ్చు. ముందుగా డ్రెస్ మార్చినా మారని భాగం ఒకటి పట్టుకోవాలి. నేను నడినెత్తి నుంచి గడ్డం దాకా ఉన్న ఎత్తు తీసుకున్నాను, అది 210 పిక్సెళ్లు. తర్వాత బొడ్డు ఎత్తులో వీపు నుంచి పొట్ట ముందు అంచు దాకా కొలిస్తే 290. అంటే తల ఎత్తుకి 1.38 రెట్లు. ప్రివ్యూ బొమ్మలో తల 210 దగ్గరే ఉంది, పొట్ట మాత్రం 247కి వచ్చింది. 1.18 రెట్లు. తల ఎత్తు 22 సెంటీమీటర్లు అనుకుంటే నాలుగున్నర సెంటీమీటర్లు మాయం. వదులు గౌను కదా, అందులో ఎక్కడో కలిసిపోయిందేమో అనడానికి కూడా లేదు. వదులు బట్ట ఒంటికి బయట ఉంటుంది కానీ లోపలికి పోదు.

నేను పెట్టుకున్న నియమం కూడా ఇదే: డ్రెస్ అంచు ఒంటి అంచుకి బయట ఎక్కడైనా ఉండొచ్చు, లోపల ఒక్క చోట కూడా ఉండకూడదు. గుడ్డ పలచనిదైనా దానికి ఎంతో కొంత మందం ఉంటుంది. కాబట్టి కొత్త బొమ్మలో కొలత అసలు దానికి సమానంగానో, ఓ రెండు మూడు పిక్సెళ్లు ఎక్కువగానో రావాలి. తక్కువ వచ్చిందంటే గుడ్డ ఒంట్లోకి దిగిపోయిందన్నమాట.

ఈ నియమం పనిచేయాలంటే అసలు ఫోటోలో ఒంటి అంచు కనబడాలి. వదులు నైటీలో దిగిన ఫోటో ఇస్తే పొట్ట ఎక్కడ ఆగిందో మనకే తెలియదు, సాఫ్ట్‌వేర్‌కి ఏం తెలుస్తుంది? ఒంటికి అతుక్కునే ఒకే రంగు టీషర్టు, లెగ్గింగ్స్ చాలు. పొట్ట బయటికి కనబడేలా దిగిన ఫోటోలని కొన్ని యాప్‌లు తీసుకోవు కూడా. ఫోన్‌ని పొట్ట ఎత్తులో పెట్టి, రెండున్నర మూడు మీటర్ల దూరం నుంచి, వీలైతే రెండింతలు జూమ్ చేసి తీయాలి. దగ్గర నుంచి వెడల్పు లెన్స్‌తో తీస్తే లెన్స్‌కి దగ్గరగా ఉన్నదే పెద్దదిగా పడుతుంది. ఎదురుగా నిలబడితే ఆ దగ్గరగా ఉన్నది పొట్టే. ఫోన్‌లో ఉండే బ్యూటీ ఫిల్టర్ ఆపేయండి. కొన్ని ఫిల్టర్లు మనం అడగకుండానే నడుం సన్నం చేస్తాయి, అలాంటప్పుడు అసలు కొలతే తప్పు. చేతులు పొట్ట మీద పెట్టుకోవద్దు. మాస్క్ కింద పడ్డ చేతిని సాఫ్ట్‌వేర్ మళ్లీ గీస్తుంది, వేళ్లు ఎన్ని వస్తాయో దాని దయ.

మొహం ఎక్కించడం ఇష్టం లేని వాళ్లు గడ్డం కింద కత్తిరించి ఇవ్వొచ్చు. ఇంకా ఎవరికీ చెప్పని రోజుల్లో అదే నయం కూడా. అప్పుడు తల ఎత్తుకి బదులు మోచేయి నుంచి మణికట్టు దాకా కొలుచుకోండి, చెయ్యి మాస్క్‌కి బయట ఉండి, రెండు ఫోటోల్లో కదలకుండా ఉంటే సరిపోతుంది.

చెల్లెలి ఫోటోని నేను మళ్లీ చేశాను, ఈసారి మాస్క్ చేత్తో గీసి. మొత్తం నడుం భాగాన్ని ఓ పెద్ద పెట్టెలా మూసేయకుండా, ఛాతీ కింది నుంచి పొట్ట ముందు అంచు వెంటే గీత నడిపించాను, అంచు నుంచి నాలుగైదు పిక్సెళ్లు మాత్రమే బయటికి. పొట్టలో అన్నిటికంటే ముందుకొచ్చిన చోటు దాటాక మాస్క్‌ని వెడల్పు చేశాను. ఎందుకంటే ఎంపైర్ గౌను అక్కడ పొట్టకి తగిలి, ఆ తర్వాత ఒంటిని అంటుకోకుండా నిటారుగా కిందికి వేలాడుతుంది. పొట్ట కింద ఉన్న ఖాళీ జాగాలోకి గుడ్డ రావాలి కదా. వెనక వైపు కూడా అంతే, నడుం వంపు దగ్గర గుడ్డ కాస్త దూరంగా ఉంటుంది కాబట్టి కొంచెం చోటిచ్చాను.

మాస్క్ ఒక్కటే చాలదు. మాస్క్ లోపల ఏ ఆకారం ఉండాలో కూడా చెప్పాలి. అందుకు అసలు ఫోటో నుంచి డెప్త్ మ్యాప్ తీశాను. ఏ భాగం కెమెరాకి ఎంత దగ్గరగా ఉందో బూడిద రంగు ఛాయల్లో చూపించే బొమ్మ అది. దాన్ని ఆధారంగా పెట్టుకుని గీయమని చెప్పే పద్ధతి 2023లో వచ్చిన కంట్రోల్‌నెట్ అనే సాధనంతో బాగా అందుబాటులోకి వచ్చింది. ఇక్కడ ఒక చిక్కుంది. డెప్త్ మ్యాప్‌కి మరీ గట్టిగా కట్టుబడమంటే టీషర్టు అంచు, లెగ్గింగ్స్ నడుం పట్టీ కూడా గౌను మీద అచ్చు పడతాయి, గౌను కాస్తా ఒంటికి అతికించినట్టు తయారవుతుంది. మరీ వదిలేస్తే పొట్ట మళ్లీ జారిపోతుంది. పట్టు కొంచెం తగ్గించి, మాస్క్ అంచు మీద ఎక్కువ ఆధారపడితే నాకు కుదిరింది. చివరగా మాస్క్ బయట ఉన్నదంతా అసలు ఫోటో నుంచి తెచ్చి పైన అతికించాను. ఇది చాలామంది వదిలేసే పని. బొమ్మ మొత్తం సాఫ్ట్‌వేర్ గుండా వెళ్లి వచ్చేసరికి మొహం కూడా వెంట్రుకవాసి మారుతుంది. "ఇది నేనేనా?" అనిపించడంలో దాని వాటా కూడా ఉంటుంది.

కొలిస్తే 293 వచ్చింది. మూడు పిక్సెళ్లు గుడ్డ మందం. చెల్లెలు చూసి, "ఇదైతే నేనే. కానీ ఈ గౌను నాకు నచ్చలేదు" అంది. పొట్ట దగ్గర్నుంచి గుడ్డ నేరుగా కిందికి పడేసరికి పక్క నుంచి గుడారంలా ఉందట. నాకు భలే సంతోషం వేసింది. ప్రివ్యూ చేయాల్సిన పని అదే కదా, నచ్చనిది కొనకముందే తెలియాలి.

ఇంత పని అందరూ చేయలేరు, చేయాల్సిన అవసరమూ లేదు. మాటలతో చెబితే మార్చిపెట్టే యాప్ వాడుతున్నట్టయితే, డ్రెస్ ఒక్కటే మార్చు, ఒంటి అంచు, పొట్ట, చేతులు, మొహం, వెనకాల ఉన్నవి ఏవీ కదపొద్దు అని విడివిడిగా చెప్పండి. 'గర్భిణికి తగినట్టు' లాంటి మాట పెట్టకండి. అలా పెడితే నాకు నెలలు నిండిన గుండ్రటి పొట్ట, దాని కింద చెయ్యి పెట్టుకుని చిరునవ్వు నవ్వే భంగిమ వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఫోటోలో ఉన్న మనిషికి ఐదో నెలే అయినా సరే. ఇందాక చెప్తానన్న పెంచి చూపించే తప్పు ఇదే. అయితే ఎంత వివరంగా చెప్పినా మాటకి కట్టుబడుతుందన్న హామీ లేదు. కొలిచి చూసుకోవడం ఒక్కటే హామీ, దానికి నిమిషం కూడా పట్టదు.

ఎదురుగా నిలబడిన ఫోటోకి మాత్రం ఈ కొలత సరిపోదు, ఈ విషయం కాస్త జాగ్రత్తగా చూడాలి. ఎదురు నుంచి చూస్తే పొట్ట ముందుకి పెరిగింది అంచులో కనబడదు, కొంతమందికి నడుం పక్కలు పెద్దగా మారవు కూడా. కాబట్టి అంచులు పిక్సెల్ తేడా లేకుండా సరిపోయినా, మధ్యలో పొట్ట చదునుగా గీసి ఉండొచ్చు. దీన్ని పట్టుకోవడానికి నేను వాడే చిట్కా అడ్డచారల డ్రెస్. కొనాలనుకున్నది సాదా రంగుదైనా సరే, ముందు అడ్డచారలది ఒకటి వేసి చూస్తాను. నిజమైన పొట్ట మీద చారలు వంపు తిరగాలి. కెమెరా పొట్ట ఎత్తులో ఉంటే, పైభాగంలో చారల మధ్య భాగం పైకి విల్లులా లేస్తుంది, కిందిభాగంలో కిందికి వంగుతుంది, నట్టనడుమ చార దాదాపు తిన్నగా ఉంటుంది. చారలన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ఈ పక్కట్నించి ఆ పక్కకి పోయాయంటే అక్కడ పొట్ట లేదు, పొట్ట ఉన్నచోట గుడ్డ బొమ్మ అతికించారు. సాదా రంగుల్లో అయితే నీడ చూడాలి. పొట్ట కింద మెత్తటి నీడ అసలు ఫోటోలో ఉండి, కొత్త దాంట్లో లేకపోతే అనుమానించాల్సిందే.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ విసిగించే సంగతి. ఒంటిని అచ్చంగా ఉంచి, చారలు కూడా సరిగ్గా వంచిన ప్రివ్యూ సైతం గుడ్డ విషయంలో అబద్ధం చెప్పగలదు. చెల్లెలికి టేపు పెట్టి చూశాను. ఛాతీ కింది నుంచి మోకాలి దాకా పక్క కుట్టు వెంట 68 సెంటీమీటర్లు ఉంది. ముందు వైపు పొట్ట మీదుగా తెచ్చి, అదే మోకాలి ఎత్తుకి కొలిస్తే 72. మామూలు గౌను ముందూ వెనకా ఒకే పొడవుతో కుడతారు కాబట్టి, తను వేసుకుంటే ముందు అంచు నాలుగు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. మెటర్నిటీ గౌనులో ముందు ముక్కని ఆ మేరకి పొడవుగా కత్తిరిస్తారు, లేదా పక్క కుట్ల దగ్గర చిన్న చిన్న కుచ్చులు పెట్టి అదనపు గుడ్డ దాస్తారు. వేసుకున్నప్పుడు అంచు సమంగా ఉండేది అందుకే. ప్రివ్యూకి ఈ తేడా తెలియదు. మామూలు గౌను ఇచ్చినా, మెటర్నిటీ గౌను ఇచ్చినా నేలకి సమాంతరంగా చక్కటి అంచు గీసి ఇస్తుంది. ఏ డ్రెస్ అయినా పట్టేస్తుందని నమ్మించే బొమ్మ అది.

అందుకని ప్రివ్యూ చూశాక డ్రెస్‌ని ఒక్కదాన్నే పరిచి తీసిన ఫోటో తప్పకుండా చూడండి. ముందు అంచు వెనక అంచు కంటే కిందికి ఉందా, పక్కల కుచ్చులు ఉన్నాయా, ఛాతీ కింద కుట్టు ఉందా, లేక మామూలు నడుం దగ్గర ఉందా. నడుం దగ్గర ఉన్న కుట్టుని ప్రివ్యూ పొట్ట పైకి జరిపి చూపించిందంటే అది ఆ డ్రెస్ కాదు, దాన్ని చూసి గీసిన ఇంకో డ్రెస్. రంగు, మెడ, పొడవు, మనిషికి నప్పుతుందా లేదా, ఇవి ప్రివ్యూ చెప్పగలదు. కూర్చుంటే పొట్ట పట్టీ నొక్కుతుందా, గుడ్డ ఎంత సాగుతుంది అన్నవి చెప్పలేదు.

మా పనిలో తరచూ వినబడే మాటొకటి ఉంది. పొట్ట కాస్త తగ్గించి చూపిస్తేనే కొనేవాళ్లకి ఇష్టమట. కావచ్చు. కానీ బొమ్మ చూసి కొన్నవాళ్లు ఇంటికొచ్చిన డ్రెస్ వేసుకుని, అంచు పైకి లేచిపోతే, తప్పు డ్రెస్‌దనుకోరు. చాలామంది తమ ఒంటిదే అనుకుంటారు. అసలే నీరసం, నడుం నొప్పి, నిద్ర లేని రాత్రులు. దానికి తోడు ఈ టెన్షన్ ఎందుకు పెట్టాలి? ఇంకో వాదనలో కొంచెం న్యాయం ఉంది: ఫోటో ఆమెది, సన్నగా కనబడాలని ఆమే కోరుకుంటే మధ్యలో నీకేంటి? నాకేమీ లేదు. నలుగురికీ చూపించుకునే ఫోటోలో ఎవరిష్టం వాళ్లది. కానీ అది అడిగినప్పుడు జరగాలి. డ్రెస్ చూపించమంటే ఒళ్లు మార్చడం అడిగిన పని కాదు.

దీనికి వ్యతిరేకంగా ఇంకో కోరిక వస్తుంటుంది. "ఇప్పుడు ఏడో నెల, కార్యక్రమం తొమ్మిదో నెలలో. పొట్ట పెంచి చూపించొచ్చు కదా?" అని. నేను పెంచను. 24వ వారం నుంచి 36వ వారం దాకా గర్భాశయం ఎత్తు సెంటీమీటర్లలో ఇంచుమించు వారాల సంఖ్యకి సమానంగా, రెండు అటూ ఇటూగా ఉంటుందని డాక్టర్లు టేపు పెట్టి చూస్తారు. అంటే వారానికి ఒక సెంటీమీటరు. కానీ అది నిలువు కొలత. పొట్ట ముందుకి ఎంత వస్తుంది, పక్కలకి ఎంత వస్తుంది, బిడ్డ ఎటు తిరిగి ఉంటుంది అన్నది ఆ లెక్కలో లేదు. ఎనిమిది వారాల తర్వాతి పొట్టని ఊహించి గీస్తే, చదునైన పొట్ట గీసినవాళ్లు చేసిన పనే నేనూ చేసినట్టు. డ్రెస్ తెప్పించడానికి ఎన్ని రోజులు పడుతుందో చూసుకుని, అంతవరకు ఆగి, అదే టీషర్టులో, అదే దూరం నుంచి, ఫోన్‌ని కొత్త పొట్ట ఎత్తుకి సర్ది ఇంకో ఫోటో తీసి పంపమంటాను.